ఉత్తరం రాసే ముందు ఒకసారి మీ ఏసీ వెనక టార్చి వేసి చూడండి

ప్రశ్న: మాది మియాపూర్‌లో పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. మాకూ పక్క ఫ్లాట్‌కూ కలిపి ఒకటే పొడవాటి బాల్కనీ, మధ్యలో నడుం ఎత్తు గ్రిల్ ఉంది, అంతే. పక్కింటి పిన్నిగారు రోజూ పొద్దున్నే పావురాలకు జొన్నలు వేస్తారు. రెట్టలు మా వైపంతా పడుతున్నాయి. నెల రోజులుగా కిటికీ దగ్గర కంటికి సరిగా ఆనని పురుగులు పాకుతున్నాయి, పాపకు చేతుల మీద దద్దుర్లు వస్తున్నాయి. ఆవిడ మంచి మనిషి, గొడవ పెట్టుకోవడం ఇష్టం లేదు. గింజలు మానేయమని మర్యాదగా ఒక లెటర్ రాసివ్వాలనుకుంటున్నాను. ఎలా రాయాలి?

సమాధానం:

నేను పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో సగం కాలం కోళ్ళ ఫారాల చుట్టూనే తిరిగాను, కాబట్టి మీరు చెప్పే ఆ పురుగులతో పాత పరిచయమే. రిటైరయ్యాక మా అపార్ట్‌మెంట్ వాళ్ళు అసోసియేషన్ సెక్రటరీ పని అంటగట్టారు. పావురాల తగాదాలు నాలుగైదు తీర్చాను. అందులో మొదటిదాన్ని పాడుచేసింది కూడా నేనే. ముందు ఆ సంగతి చెబుతాను.

2019లో మా బ్లాకులో రెండో అంతస్తు ఆయన అచ్చం మీలాగే వచ్చి, పై ఫ్లాట్ ఆవిడ గింజలు వేయడం వల్ల ఇంట్లో పురుగులు వస్తున్నాయన్నారు. నేను ఆవేశంగా ఒక పేజీ రాశాను. ఆరోగ్యానికి ముప్పు, పిల్లల ప్రాణాలు, నివాసితులందరి తరఫున అంటూ ఏవేవో పెద్ద పెద్ద మాటలు పెట్టి, ఒక కాపీ నోటీసు బోర్డుకు కూడా అంటించాను. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి గింజలు రెండింతలు వేశారు. మూడు వారాలు పోయాక ఏసీ సర్వీసు కుర్రాడు వచ్చి, ఫిర్యాదు చేసినాయన అవుట్‌డోర్ యూనిట్ వెనక చెయ్యి పెట్టాడు. పుల్లలూ రెట్టా కలిసి గట్టిపడిన గూడు ఒకటి బయటపడింది. వాడి మోచేతి దాకా పురుగులు పాకాయి. గూడు ఉన్నది ఆయన ఏసీ వెనకే, నేను తప్పు పట్టింది పైఇంటావిడని. ఆవిడతో నేను మళ్ళీ మామూలుగా మాట్లాడడానికి దాదాపు ఏడాది పట్టింది.

అందుకే ఉత్తరం సంగతి తర్వాత చూద్దాం, ముందు పురుగులు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చుకోండి. రెట్టలు గింజల దగ్గరికి వచ్చే పక్షుల నుంచి పడతాయి, అందులో అనుమానం లేదు. మీకు కనిపించే సన్నటి పురుగులు, అంటే మైట్లు, మాత్రం చాలావరకు గూటి నుంచి వస్తాయి. ఇవి పగలు పక్షి ఒంటి మీద ఉండవు. గూటి పుల్లల్లో, గోడ పగుళ్ళలో దాక్కుని, రాత్రి బయటికొచ్చి పక్షి నెత్తురు తాగి మళ్ళీ వెనక్కి పోతాయి. గసగసాల గింజ కన్నా చిన్నవి. ఆకలితో ఉన్నప్పుడు బూడిద రంగులో ఉంటాయి, తాగాక ఎర్రబడతాయి. గూట్లో పిల్లలున్నంత కాలం వాటికి మీతో పనిలేదు. పిల్లలు ఎగిరిపోయి గూడు ఖాళీ అయ్యాకే ఆకలికి బయలుదేరి కిటికీ సందుల్లోంచి ఇంట్లోకి వస్తాయి. మీకు నెల రోజులుగా కనిపిస్తున్నాయంటే, దగ్గర్లో ఏదో గూడు ఖాళీ అయి ఉండొచ్చని నా అనుమానం.

దీన్ని తేల్చుకోవడానికి ఫారాల్లో మేం చేసే పనే మీరూ చేయొచ్చు. పార్సిల్ డబ్బా అట్ట ఉంటుంది కదా, మధ్యలో గొట్టాల్లా ముడతలుండే రకం. దాన్ని వేలెడు వెడల్పు ముక్కలుగా కోయండి. ఒకటి ఏసీ పైపు గోడలోంచి వచ్చే కన్నం దగ్గర, ఒకటి అవుట్‌డోర్ యూనిట్ స్టాండు మీద, ఒకటి మీ కిటికీ ఫ్రేము మూల, ఒకటి మధ్య గ్రిల్ కింద పెట్టండి. దేని మీద దాని చోటు పెన్నుతో రాసుకోండి, లేకపోతే తర్వాత ఏది ఎక్కడిదో గుర్తుండదు. రెండు రాత్రులు కదపకండి. మూడో రోజు పగటిపూట ఒక్కో ముక్కనూ విడివిడి జిప్ కవర్లో వేసి, ఒక రాత్రి ఫ్రీజర్లో ఉంచండి. పొద్దున తీసి తెల్ల కాగితం మీద తట్టండి. మైట్లుంటే చుక్కల్లా రాలతాయి. వేలితో నలిపితే కొన్ని ఎర్రగా మరక పెడతాయి. ముక్క మడతల్లో ఉప్పూ మిరియాల పొడీ కలిపి చల్లినట్టు కనిపిస్తే అది వాటి రెట్ట, గుడ్లు, విడిచిన చర్మం. ఏ ముక్కలోంచి ఎక్కువ రాలితే గూడు దానికి దగ్గర్లో ఉన్నట్టు. ఆ వైపు టార్చి వేసి వెతకండి. ఏసీ వెనక, బాత్రూం ఎగ్జాస్ట్ గొట్టంలో, వాడని కూలర్ కింద, పాత పూలకుండీల వెనక ఎక్కువగా పెడతాయి. పావురం గూడంటే పెద్దగా ఏమీ ఉండదు, నాలుగు పుల్లలు, చుట్టూ రెట్ట. గూడని తెలియక చెత్త అనుకుని వదిలేస్తారు.

రెండు రాత్రులు పెట్టినా ఏ ముక్కలోనూ ఏమీ రాలకపోతే, పాప దద్దుర్లకు పావురాలు కారణం కాకపోవచ్చు. నల్లులు, గజ్జి, ఇంకేదైనా ఎలర్జీ కూడా ఇలాగే కనిపిస్తాయి. ఎలాగూ చర్మం డాక్టరుకు ఒకసారి చూపించండి, ఇంటి దగ్గర పావురాలున్నాయని తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే ఆ కోణం ఆయనకు తట్టే అవకాశం తక్కువ. ఒక్క విషయంలో టెన్షన్ పడకండి. ఈ మైట్లు మనిషిని కుడతాయి కానీ మన ఒంటి మీద కాపురం పెట్టి పిల్లల్ని పెట్టలేవు. పాప తలకు పేల మందు రాయడం, బట్టలన్నీ పారేయడం లాంటివి అక్కర్లేదు.

ఇప్పుడు గూడు మీ వైపే దొరికిందనుకుందాం, పదిలో ఎక్కువసార్లు అలాగే అవుతుంది. అప్పుడు ఉత్తరం సంగతే మారిపోతుంది. పిన్నిగారి వల్ల పురుగులు వచ్చాయని రాయడం అబద్ధమవుతుంది. తిండి దొరికే చోటికి దగ్గర్లో పావురాలు గూడు పెడతాయి, కాబట్టి గింజలు ఆగనంత కాలం గూళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తాయని రాస్తే అది నిజం. ఆవిడ ఈ రెండో మాటను కాదనలేరు, నొచ్చుకోవడానికి కూడా కారణం ఉండదు.

ఇంకో చిన్న లెక్క. పెద్ద పావురం రోజుకు ముప్పై గ్రాముల దాకా గింజలు తింటుంది. ఆవిడ అర కిలో వేస్తున్నారంటే పదహారు పావురాలకు ఆ రోజు భోజనమంతా మీ బాల్కనీలోనే జరుగుతోందన్నమాట. వాటికి వెతుక్కునే పని లేకపోతే మిగిలిన పొద్దంతా ఏం చేస్తాయి? అక్కడే కూర్చుంటాయి, అక్కడే జతకడతాయి. జత ఒక్కసారికి రెండు గుడ్లు పెడుతుంది, పద్దెనిమిది రోజులకు అటూ ఇటుగా పిల్లలవుతాయి, ఇంకో నాలుగైదు వారాలకు ఎగురుతాయి. తిండికి లోటు లేకపోతే ఏడాదిలో చాలాసార్లు ఇదే జరుగుతుంది. ఈ లెక్క ఉత్తరంలో పెట్టకండి, లెక్చర్‌లా ఉంటుంది. మాటల్లో ఆవిడే అడిగితే చెప్పండి.

ఉత్తరం ఎలా ఇవ్వాలన్నది కూడా ముఖ్యమే. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టొద్దు. ఫొటో అసలే వద్దు. నలుగురిలో పరువు పోయిందనిపించాక తప్పు తెలిసినా ఎవరూ తగ్గరు. తలుపు కింద నుంచి తోసేయడం కూడా బాగుండదు, దొంగచాటుగా ఇచ్చినట్టుంటుంది. మీ ఇంట్లో ఆడవాళ్ళకి ఆవిడతో మాటలుంటే వాళ్ళనే వెళ్ళమనండి. సాయంత్రం టీ వేళకి వెళ్ళి, నాలుగు మాటలు మాట్లాడాక, "ఇది నోటితో చెప్పడానికి మొహమాటంగా ఉండి రాశాను పిన్నిగారూ, తీరిగ్గా చూడండి" అని చేతికిచ్చి వచ్చేయాలి. అక్కడే చదివించుకుని జవాబు కోసం నిలబడకూడదు. పొద్దున గింజలు వేసే టైములో మాత్రం అస్సలు వెళ్ళొద్దు.

ఆవిడ ఎందుకు వేస్తున్నారో ముందే తెలుసుకుంటే ఇంకా మంచిది. మా పై ఫ్లాట్ ఆవిడ కథ నాకు ఆలస్యంగా తెలిసింది. ఆవిడ భర్త పాతికేళ్ళు రోజూ గింజలు వేసేవారట. ఆయన పోయాక ఆవిడ మొదలుపెట్టారు. నేను ఆరోగ్యానికి ముప్పు అని రాసింది ఆ పనిని గురించి. కొందరు పెద్దల పేరు మీద వేస్తారు, కొందరికి జ్యోతిష్కుడు చెప్పి ఉంటాడు, కొందరికి ఊరికే తోడు. ఇది నమ్మకానికి సంబంధించిన విషయమని గుర్తుంచుకోండి. 2025లో ముంబై దాదర్‌లో జనం పావురాలకు గింజలు వేసే కబూతర్‌ఖానాను టార్పాలిన్లతో కప్పి మూస్తే, జనం గుంపుగా వచ్చి వాటిని చింపేశారు. హైకోర్టు దాకా వెళ్ళిన వ్యవహారం అది. మీ బాల్కనీ గొడవ అంత దూరం పోదు కానీ, గింజలు వేసే వాళ్ళ మనసు ఎక్కడైనా ఒకటే.

ఇదీ ఉత్తరం. కాగితానికి ఒక వైపు దాటకుండా, చేత్తో రాయండి. గూడు మీ ఏసీ వెనక దొరికిందనుకుని రాశాను.

"పిన్నిగారికి నమస్కారం.

మేం ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ మీరు పొద్దున్నే పావురాలకు గింజలు వేయడం చూస్తున్నాం. మా పాప మొదట నేర్చుకున్న పక్షి పేరు పావురం, అది మీ పుణ్యమే. అందుకే ఈ మాట మీతో చెప్పడానికి చాలా రోజులు వెనకాడాను.

నెల రోజులుగా మా కిటికీ దగ్గర సన్నటి పురుగులు వస్తున్నాయి. పాపకు చేతుల మీద దద్దుర్లు వస్తే డాక్టరుకు చూపించాం. ఎక్కడి నుంచి వస్తున్నాయా అని వెతికితే మా ఏసీ వెనక పావురాల గూడు కనిపించింది. అది మేం చూసుకోకపోవడం మా పొరపాటు. పిల్లలు ఎగిరిపోయిన గూడే, ఈ ఆదివారం తీయించేస్తున్నాం.

ఒకటి తీసినా, తిండి ఇక్కడే దొరుకుతుంటే ఇంకోటి పెడతాయని తెలిసినవాళ్ళు అన్నారు. మన రెండిళ్ళకూ బాల్కనీ ఒకటే కాబట్టి రెట్ట కూడా రెండు వైపులా పడుతోంది. మీరు రోజూ బాల్కనీ కడుక్కోవడం చూస్తూనే ఉన్నాను.

మీకు కష్టం కాకపోతే బాల్కనీలో గింజలు, నీళ్ళు పెట్టడం ఆపగలరా? ఒక్కసారిగా వద్దు, వచ్చే రెండు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గించి, పౌర్ణమి నాటికి మానేస్తే చాలు.

ఆదివారం గూడు తీసేటప్పుడు మనిషిని పెట్టి మీ వైపు కూడా కడిగిస్తాం, ఖర్చు మాదే. తర్వాత వల కట్టించుకుందామంటే రెండిళ్ళకూ కలిపి ఒకేసారి కట్టించుకోవచ్చు, మీరెలా చెబితే అలా.

దీని గురించి ఇంకెవరితోనూ అనలేదు. నేను రాసిన దాంట్లో ఏమైనా తప్పుగా అనిపిస్తే నన్ను పిలిచి మందలించండి.

ఇట్లు,
మీ పక్కింటి ..."

ఇందులో రెండు మూడు మాటలు కావాలనే పెట్టాను, మార్చేటప్పుడు అవి పోకుండా చూసుకోండి. గూడు మాది, పొరపాటు మాది అని ముందే ఒప్పుకోవడం మొదటిది. ఆ వాక్యం చదివాక మిగిలింది చదివే మూడ్ వస్తుంది. రెండోది, అడిగింది ఒకే పని, దానికో గడువు. 'దయచేసి శుభ్రత పాటించండి' అని రాస్తే ఆవిడ రోజూ ఇంకో బకెట్టు నీళ్ళు పోసి కడుగుతారు, గింజలు అలాగే వేస్తారు. పౌర్ణమి అన్నది ఉదాహరణకే, ఆవిడకు గుర్తుండే ఏ రోజైనా పెట్టుకోండి. మూడోది నీళ్ళ మాట. ఎండాకాలంలో గింజలు ఆపి నీళ్ళ గిన్నె ఉంచేస్తారు, పావురాలు దానికోసం కూడా అక్కడే కాచుకుని ఉంటాయి.

జబ్బుల పేర్లు మాత్రం కావాలనే వదిలేశాను. పావురాల రెట్ట, ఈకల ధూళి ఏళ్ళ తరబడి పీలిస్తే కొంతమందికి ఊపిరితిత్తుల్లో ఎలర్జీ లాంటి వాపు వస్తుంది. ముదిరితే ఊపిరితిత్తులు మచ్చలు కట్టి బిగుసుకుపోతాయి. ఇది నిజం, భయపెట్టడానికి చెప్పే మాట కాదు. పావురాలకు అందరికన్నా దగ్గరగా ఉండేది మీ పిన్నిగారే కాబట్టి ఆ ముప్పు కూడా ముందు ఆవిడకే. ఆవిడకు తగ్గని పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం ఉన్నాయని మీకు తెలిస్తే, ఛాతీ డాక్టరుకు చూపించుకుని పావురాల సంగతి చెప్పమనండి. అది ఆవిడ మంచి కోరి విడిగా చెప్పాల్సిన మాట. ఉత్తరంలో పెడితే బెదిరింపులా చదువుకుంటారు.

గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే ఉత్తరంలో తేదీలు మార్చాలి. పిల్లలున్న గూటిని తీసి కింద పడేశారని తెలిస్తే ఆవిడ జన్మలో మీ మాట వినరు, వినకపోవడంలో తప్పు కూడా లేదు. గుడ్లు కొత్తగా పెట్టి ఉంటే ఎగిరేదాకా ఆరేడు వారాలు ఆగాల్సి వస్తుంది. 'పిల్లలున్నాయి, అవి ఎగిరాక తీయిస్తాం' అని రాయండి. ఆ ఒక్క వాక్యం మీరూ జాలి ఉన్నవాళ్ళేనని చెబుతుంది. అయితే రోజూ గమనిస్తూ ఉండండి. ఒక్కోసారి మొదటి పిల్లలు పూర్తిగా ఎగరకముందే తల్లి మళ్ళీ గుడ్లకు సిద్ధమవుతుంది. పిల్లలు వెళ్ళిన రెండు రోజుల్లోపే గూడు తీసేయాలి, ఆలస్యమైతే పురుగులు ఇంట్లోకి బయలుదేరతాయని పైన చెప్పాను కదా.

గూడు ఆవిడ వైపు ఉంటే, 'మా ఏసీ వెనక' అన్న చోట 'మీ కూలర్ వెనక గూడు ఉన్నట్టుంది, మా మనిషి వచ్చినప్పుడు అదీ తీయిస్తాం' అని రాయండి. పొరపాటు అన్న మాట ఎవరి మీదా పెట్టొద్దు.

ఆదివారం పని గురించి. పొడి రెట్టను చీపురుతో ఊడవడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, ఆ దుమ్మే లోపలికి పోతుంది. పైపుతో జోరుగా నీళ్ళు కొట్టినా తుంపరలు లేస్తాయి. బట్టల సబ్బు కలిపిన నీళ్ళు మెల్లగా పోసి, ఇరవై నిమిషాలు నాననిచ్చి, గీకి, తడిగానే ఎత్తి రెండు కవర్లలో కట్టేయాలి. చేసేవాళ్ళకి ఎన్95 మాస్కు, గ్లవ్స్ మీరే కొనిచ్చి, పెట్టుకున్నారో లేదో చూడండి, మన దగ్గర పనివాళ్ళు వాటిని జేబులో పెట్టుకుంటారు. పాపను ఆ పూట బయటికి పంపండి. గూడున్న చోట, పైపు కన్నం చుట్టూ వేడి సబ్బునీళ్ళతో తుడిచి, ఆ కన్నం మూయించండి. పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిస్తే మైట్లకని చెప్పి పిలవండి, వారం పది రోజుల తర్వాత రెండోసారి కూడా రమ్మనండి. మొదటి మందుకు గుడ్లు చావకపోవచ్చు. ఎండాకాలంలో గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి వారం చాలు. గూడు తీయకుండా మందు మాత్రం కొట్టించుకున్నవాళ్ళని చూశాను, నెలకోసారి డబ్బు కట్టారు, అంతే.

ఆవిడ గింజలు ఆపాక మొదటి రెండు మూడు వారాలే కష్టం. పావురాలు అలవాటైన టైముకే వచ్చి గ్రిల్ మీద వరసగా కూర్చుని కిటికీలోకి చూస్తుంటాయి. చూసేవాళ్ళకి కడుపు తరుక్కుపోతుంది. చాలామంది సరిగ్గా ఈ రోజుల్లోనే మళ్ళీ గుప్పెడు చల్లేస్తారు, అంతటితో లెక్క మొదటికొస్తుంది. ఆకలితో చస్తాయేమో అని ఆవిడ అడిగితే, చావవని ధైర్యంగా చెప్పొచ్చు. ఊళ్ళో పావురానికి బియ్యం కొట్టు ముందు, మార్కెట్లో, రోడ్ల మీద తిండి దొరుకుతుంది. కొద్దికొద్దిగా తగ్గించమన్నది కూడా అవి వేరే చోటు వెతుక్కోవడానికి టైమివ్వడం కోసమే.

ఇక్కడ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఊరి సంగతి పనికొస్తుంది. 1961 నుంచి 1985 దాకా అక్కడ లక్ష దాకా పావురాలను చంపారు. సంఖ్య తగ్గలేదు, పోయిన వాటి చోట్లోకి కొత్తవి వచ్చాయి. 1988లో పద్ధతి మార్చి, గింజలు వేస్తే గుంపు పెరిగి, ఇరుకులో పావురాలకే జబ్బులూ పురుగులూ పట్టి పిల్లలు చస్తున్నాయని జనానికి కరపత్రాలతో, పోస్టర్లతో చెప్పారు. కొన్ని గూళ్ళు కట్టి వాటిలో గుడ్లను కూడా తీసేవారు. యాభై నెలల్లో, లెక్కపెడుతూ వచ్చిన గుంపుల్లో పావురాలు 1400 నుంచి 708కి తగ్గాయి. మా పై ఫ్లాట్ ఆవిడకు రెండోసారి నేను చెప్పింది ఇదే, ఊరి పేరు లేకుండా. గూట్లోంచి తీసిన చచ్చిన పిల్ల ఒకటి ఉంది, దాని రెక్కల కింద మైట్లు నల్లగా పట్టి ఉన్నాయి. "ఇవి ముందు వాటినే తింటున్నాయమ్మా" అన్నాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఆ శనివారం నుంచి గింజల డబ్బా కనపడలేదు.

గింజలు మానేస్తే ఆ పుణ్యం ఎక్కడికి పోవాలి అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబుండాలి. డాబా మీద వేసుకోండి అనొద్దు, అక్కడ వాటర్ ట్యాంకులున్నాయి, వచ్చే నెల అదే తగాదా పై అంతస్తు వాళ్ళతో. పిచ్చుకలకు వేయమన్నా పావురాలే వచ్చి తింటాయి. మా పై ఫ్లాట్ ఆవిడ గుళ్ళో గోశాలకు గడ్డి కొనిస్తున్నారు. మీ పిన్నిగారికి నచ్చే చోటు ఏదో ఆవిడనే అడగండి.

వల కట్టించేటప్పుడు ఐదు సెంటీమీటర్ల కన్ను ఉండే నైలాన్ వల చాలు, పావురం దూరదు. అంచుల్లో ఎక్కడా వదులు లేకుండా లాగి కొట్టించండి, వదులుంటే లోపలికి దూరి ఇరుక్కుని చస్తాయి. కట్టే ముందు లోపల పిల్లలు మిగిలిపోలేదని చూసుకోండి.

ఇంత చేసినా ఆవిడ ఆపకపోతే నెల రోజులు ఆగి, అప్పుడు ఒక్కసారి మాత్రమే సెక్రటరీ చెవిన వేయండి, అది కూడా ఫిర్యాదుగా కాదు, వచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడమని. జిగురు, మందు కలిపిన గింజలు లాంటి సలహాలు ఎవరైనా ఇస్తే అటు వెళ్ళకండి, అది జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం కింద నేరం. పిన్నిగారు వాళ్ళు అద్దెకుండేవాళ్ళయితే ఓనరుకు ఫోన్ చేయాలని కూడా అనిపిస్తుంది. ఆ ఫోన్ మాత్రం చేయకండి, ఇల్లు ఖాళీ చేయించడానికే చెప్పారని అనుకుంటారు.

ముందు ఆ అట్టముక్కలు పెట్టి చూడండి. ఏ ముక్కలోంచి రాలాయో ఇక్కడ రాస్తే, ఉత్తరంలో ఏ వాక్యం మార్చాలో చెబుతాను.